చాట్‌కి డబ్బు కట్టాం, ఆర్డర్ ఏది?

ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చూస్తుంటే మధ్యలో ఒక చీర ఫోటో వస్తుంది. దాని కింద వాట్సాప్ గుర్తుతో ఒక బటన్ ఉంటుంది. నొక్కితే అమ్మేవాళ్ల నంబరుతో చాట్ తెరుచుకుంటుంది. టైప్ చేసే చోట "Hello! Can I get more info on this?" అని ముందే రాసి పెట్టి ఉంటుంది. పంపే బాణం నొక్కితే చాలు. వెబ్‌సైట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఓటీపీ లేదు. ఇంటి నుంచి చీరలు, పచ్చళ్లు, పిల్లల బట్టలు అమ్మేవాళ్లకు ఈ ప్రకటనలు అంతగా నచ్చడానికి కారణం అదే. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ తెలిసిన చోటే బేరం జరుగుతుంది.

అయితే ఇలాంటి ప్రకటనలు నడిపేవాళ్ల దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. మెసేజ్‌లు బోలెడు వస్తున్నాయి, ఆర్డర్లు మాత్రం రావడం లేదు. ధర అడుగుతారు, చెప్పగానే మాయమైపోతారు. ప్రకటనలో లోపం ఉందని ఫోటో మారుస్తారు, బడ్జెట్ పెంచుతారు, చివరికి విసిగి ఆపేస్తారు. లోపం చాలాసార్లు ప్రకటనలో ఉండదు. మొదటి మెసేజ్ వచ్చిన తర్వాతి కొన్ని నిమిషాల్లో ఉంటుంది.

దీన్ని అర్థం చేసుకోవాలంటే మెటా కంపెనీ మన డబ్బుకు ఏం చేసిపెడుతోందో ముందు చూడాలి. ప్రకటన పెట్టేటప్పుడు లక్ష్యం కింద సంభాషణలు పెంచాలి అనేది ఎంచుకుంటాం. ఆ మాటను సిస్టమ్ అక్షరాలా పాటిస్తుంది. ఎవరికి చూపిస్తే బటన్ నొక్కి మెసేజ్ పంపుతారో వాళ్లను వెతుకుతుంది. వాళ్లు కొంటారా లేదా అనేది ఆ వెతుకులాటలో లేదు. యాడ్స్ మేనేజర్‌లో కనిపించే "Messaging conversations started" అనే అంకె కూడా అంతవరకే చెబుతుంది. ఏడు రోజులుగా మనతో మాట్లాడని పాత కస్టమర్ ఆ ప్రకటన నొక్కి మళ్లీ పలకరించినా అది ఒక కొత్త సంభాషణగానే లెక్కకు వస్తుంది. ఇంకో సంగతి, మామూలుగా డబ్బు కోసుకునేది చాట్‌కు ఇంత అని కాదు, ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందన్న దాన్ని బట్టి. ఖర్చును చాట్లతో భాగించి చాట్‌కు ఇంత పడిందని మనకు చూపిస్తారు. కాబట్టి చాట్ చవగ్గా పడిందని సంతోషించేముందు, ఆ చాట్లలో ఎన్ని ఆర్డర్లయ్యాయో లెక్క వేయాలి.

మంగళగిరిలో ఇంటి నుంచి నేత చీరలు అమ్మే ఒకావిడ ఉందనుకుందాం. ఎనభయ్యో నంబరు నూలు, నిజాం బోర్డర్, జరీ గీతల పమిట. ధర 1,450 రూపాయలు. మగ్గం దగ్గర కొన్న ధర, ప్యాకింగ్, కొరియర్ పోగా చీరకు 350 మిగులుతుంది. ప్రకటనకు రోజుకు 500 పెట్టింది. దాని మీద 18 శాతం జీఎస్టీ పడితే 590. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునేవాళ్లకు ఆ 90 వెనక్కి వస్తుంది, మిగతావాళ్లకు అది కూడా ఖర్చే. రోజుకు 25 చాట్లు వచ్చాయి, అంటే చాట్‌కు దాదాపు 24 రూపాయలు. ఈ అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే, ఎవరి సరుకును బట్టి వాళ్లవి మారతాయి.

ఆ 25 మందిలో ఒక్కరే కొంటే 350 వస్తుంది, 590 పోతుంది. రోజుకు 240 చేతినుంచి పెట్టుకున్నట్టు. ఇద్దరు కొంటే 110 మిగులుతుంది. ముగ్గురు కొంటే 460. నష్టానికీ లాభానికీ మధ్య ఉన్నది ఒక్క చీర. ప్రకటనను ఎంత చెక్కినా చాట్ ఖర్చు నాలుగైదు రూపాయలు తగ్గొచ్చు. చాట్‌లో ఇంకొక్కరిని నిలబెట్టుకుంటే రోజు లెక్కే తిరగబడుతుంది. అందుకే ఈ వ్యాసమంతా ఆ ఒక్కరి గురించే.

షాపుకు నడిచి వచ్చిన మనిషి కొనాలనే వచ్చింది. గూగుల్‌లో వెతికిన మనిషికి కూడా ఏం కావాలో తెలుసు. రీల్స్ మధ్య చీర చూసి బటన్ నొక్కిన మనిషి అలా కాదు. అప్పటిదాకా వంట వీడియో చూస్తోంది. చీర బాగుందనిపించింది, బొటనవేలు ఆగింది, బాణం నొక్కింది, మళ్లీ రీల్స్‌లోకి వెళ్లిపోయింది. పంపిన మెసేజ్ కూడా ఆమె రాసింది కాదు, ముందే రాసి ఉన్నది. అప్పుడు మన జవాబు రెండు నిమిషాల్లో వెళ్తే ఆ చీర ఇంకా కళ్లలోనే ఉంటుంది. రెండు గంటల తర్వాత వెళ్తే, ఈ నంబరు ఎవరిదని ఆలోచించాల్సి వస్తుంది. పైగా ఒక ప్రకటన నొక్కినవాళ్లకు అలాంటివే మరికొన్ని కనిపించడం మామూలే. ఆమె ఈలోపు ఇంకో ఇద్దరు ముగ్గురు చీరలవాళ్లకు అదే వాక్యం పంపి ఉండొచ్చు.

ఆలస్యం ఎంత చేటో 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక అధ్యయనం గట్టిగా చూపించింది. ఆన్‌లైన్‌లో వివరాలు అడిగినవాళ్లను గంటలోపు సంప్రదించిన కంపెనీలకు, ఇంకో గంట ఆగి సంప్రదించిన వాటికన్నా అసలు కొనగల మనిషితో మాట కలిసే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా ఉంది. అయినా గంటలోపు స్పందించినవి 37 శాతమే, అసలు స్పందించనివి 23 శాతం. అది అమెరికా కంపెనీల సంగతి, వాట్సాప్ చాట్ల సంగతి కాదు, కాబట్టి ఆ ఏడు రెట్లను మన చీరలకు అంటగట్టలేం. కానీ ఫారం నింపి అడిగిన మనిషే గంటకు చల్లబడితే, రీల్ మధ్యలో వేలు ఆగిన మనిషి ఇంకా త్వరగా చల్లబడుతుందని అనుకోవడంలో తప్పులేదు.

ఇప్పుడు మంగళగిరి ఆవిడ దినచర్య చూద్దాం. పొద్దున పిల్లల బడి, వంట. మధ్యాహ్నం కొరియర్. ఫోన్ చేతికి దొరికేది సాయంత్రం. ప్రకటన మాత్రం ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. రాత్రి పది దాటాక పడుకోబోయే ముందు ఫోన్ చూసేవాళ్లు చాలామంది, చాట్లు కూడా అప్పుడు బాగా వస్తాయి. ఇరవై ఐదింటిలో తొమ్మిది అలా వచ్చాయనుకుందాం. ఆమె వాటికి పొద్దున ఎనిమిదింటికి జవాబిస్తుంది. తొమ్మిదింటిలో ఒకరో ఇద్దరో తిరిగి పలుకుతారు. మిగతావాటి మీద పెట్టిన డబ్బు రాత్రే ఖర్చయిపోయింది.

దీనికి నాకు తెలిసిన సరైన మందు ఒక్కటే. జవాబిచ్చే మనిషి ఉన్న గంటల్లోనే ప్రకటన నడపాలి. యాడ్స్ మేనేజర్‌లో రోజువారీ బడ్జెట్ బదులు "Lifetime budget" ఎంచుకుంటే ఏ రోజు ఏ గంటల్లో ప్రకటన కనిపించాలో పెట్టుకునే వీలుంటుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకే బూస్ట్ నొక్కి నడిపేవాళ్లు ఫోన్ పక్కన పెట్టేముందు చేత్తో ఆపేయొచ్చు, మళ్లీ కూర్చున్నప్పుడు మొదలుపెట్టొచ్చు. రాత్రి పదకొండింటి వరకు కొనేవాళ్లు ఉంటారని నమ్మకం ఉంటే, అప్పటివరకు ఎవరో ఒకరు కూర్చోవాలి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో అసలు ఫోన్‌తో పాటు మరో నాలుగు పరికరాలు కలుపుకోవచ్చు. డిగ్రీ చదువుతున్న అమ్మాయి ల్యాప్‌టాప్‌లో రాత్రి రెండు గంటలు చూసుకుంటే చాలు. ఇద్దరూ ఒకే చాట్‌లో రెండు ధరలు చెప్పకుండా మాత్రం ముందే మాట్లాడుకోవాలి.

ఇక జవాబు సంగతి. యాప్‌లో "Greeting message" అనే సదుపాయం ఉంది. మొదటిసారి మెసేజ్ చేసినవాళ్లకు, లేదా పద్నాలుగు రోజులుగా మాటల్లేనివాళ్లకు అది తనంతట తానే వెళ్తుంది. చాలామంది అందులో ముందే ఉన్న వాక్యాన్ని అలాగే వదిలేస్తారు. సంప్రదించినందుకు ధన్యవాదాలు, మేం ఎలా సాయపడగలమో చెప్పండి, అని దాని సారం. ఆమె అడిగింది, మనం మళ్లీ ఏం కావాలని అడుగుతున్నాం. ఆ చాట్ అక్కడే ఆగిపోతుంది.

ఆ చోట అసలు సమాచారం పెట్టాలి. "నమస్తే అండి. మంగళగిరి నేత చీర, నిజాం బోర్డర్, బ్లౌజ్‌తో కలిపి 1,450. కొరియర్ ఖర్చు మాదే. ఐదు రంగులున్నాయి, ఫోటోలు ఇప్పుడే పంపుతున్నాను. మీకు ముదురు రంగులు ఇష్టమా, లేతవా?" చివర ఒక చిన్న ప్రశ్న ఉండటం ముఖ్యం. ఒక్క మాటలో చెప్పగలిగే ప్రశ్న అయితే మనిషి పలుకుతుంది. "మీ బడ్జెట్ ఎంత, ఏ సందర్భానికి, ఎన్ని కావాలి" అని ఒకేసారి అడిగితే ఎవరూ టైప్ చేయరు. రెండు మూడు రకాల సరుకులకు ప్రకటనలు నడుస్తుంటే ఈ ఆటో మెసేజ్‌లో ఒక్క చీర ధర పెట్టడం కుదరదు. అప్పుడు ప్రకటన తయారు చేసేటప్పుడే ముందే రాసి ఉండే ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మార్చేయాలి. "ఆకుపచ్చ నిజాం బోర్డర్ చీర ఉందా?" అని పెడితే, వచ్చిన మెసేజ్ చూడగానే ఏ చీరో మనకూ తెలుస్తుంది, పంపే మనిషికి కూడా తను అడిగింది తన మాటలా ఉంటుంది.

ఆటో మెసేజ్ వెళ్లిందని నిశ్చింతగా ఉండకూడదు. అది నాలుగైదు నిమిషాలు ఆపుతుంది, అంతే. ఆ లోపు మనిషి రావాలి. దానికి క్విక్ రిప్లైలు ఉన్నాయి. తరచూ పంపే జవాబులను ఫోటోలతో సహా యాభై దాకా దాచుకోవచ్చు. చాట్‌లో గీత కొట్టి పేరు టైప్ చేస్తే జవాబు మొత్తం వచ్చేస్తుంది. యాభై అక్కర్లేదు, ఐదారు చాలు:

```
/rangulu
/blouse
/neta
/address
/upi
```

వీటిలో `/neta` దగ్గర కాస్త ఆగాలి. "నిజంగా చేనేతేనా, మరమగ్గమా?" అనే ప్రశ్న మంగళగిరి చీర కొనేవాళ్లు అడుగుతారు, అడగనివాళ్లు మనసులో అనుకుంటారు. దానికి నాలుగు వాక్యాల జవాబు కన్నా పదిహేను సెకన్ల వీడియో మేలు. కిటికీ వెలుగులో చీర మడత విప్పి, పమిట గీతలు చూపించి, అంచు తిరగేసి వెనకవైపు చూపించి, బ్లౌజ్ ముక్క ఎక్కడ మొదలవుతుందో వేలితో చూపించాలి. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటోలో నెమలిపింఛం రంగు నీలంగా కనిపిస్తుంది. రంగు వేరుగా వచ్చిందని తిరిగొచ్చే చీరల్లో కొన్ని ఇక్కడే పుడతాయి.

ఆ సాయంత్రం ఒక చాట్ ఇలా నడిచిందనుకోండి. ఏడు గంటల పది నిమిషాలకు మెసేజ్ వచ్చింది. ఆటో జవాబు వెంటనే వెళ్లింది. రెండు నిమిషాలకు ఆవిడ ఐదు రంగుల ఫోటోలు పెట్టింది. అవతలి నుంచి "ముదురువి. మెరూన్ ఉందా?" అని వచ్చింది. "ఉంది మేడమ్, ఒక్కటే ఉంది. వీడియో పెడుతున్నా చూడండి." వీడియో వెళ్లింది. ఆరు నిమిషాలు నిశ్శబ్దం. "కొంచెం తగ్గించండి." ఇక్కడ చాలామంది "ఫిక్స్‌డ్ రేట్" అని రెండు మాటలు కొట్టి వదిలేస్తారు. ఆవిడ అలా చేయలేదు. "నేత చీర అండి, దీనికి తగ్గించలేను. రెండు తీసుకుంటే కొరియర్ ఒకటే కాబట్టి 100 తగ్గిస్తాను. ఎక్కడికి పంపాలి?" చివరి ప్రశ్నకు "వరంగల్" అని జవాబొచ్చింది. ఊరు చెప్పిన మనిషి సగం కొన్నట్టే. వెంటనే `/address` వెళ్లింది: పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడ్, ఫోన్ నంబరు ఒకే మెసేజ్‌లో పంపమని. ఈ వివరాలు ఒక్కొక్కటిగా అడిగితే ప్రతి ప్రశ్న దగ్గరా ఒకరు జారిపోతారు. రాగానే పిన్‌కోడ్‌కు కొరియర్ వెళ్తుందో లేదో చూసి, ఎన్ని రోజుల్లో చేరుతుందో చెప్పింది. మొత్తం పాతిక నిమిషాలు పట్టింది. మధ్యలో ఎక్కడ పావుగంట ఆగినా ఈ చాట్ అలా పూర్తయ్యేది కాదేమో.

డబ్బు దగ్గర రెండు జాగ్రత్తలు. మొత్తం నింపిన క్యూఆర్ పంపితే కొనేవాళ్లు అంకె టైప్ చేయక్కర్లేదు, తప్పూ పడదు. డబ్బు పడినట్టు స్క్రీన్‌షాట్ వస్తే దాన్ని నమ్మి ప్యాక్ చేయకూడదు. నకిలీ స్క్రీన్‌షాట్ తయారు చేయడం నిమిషం పని. మన బ్యాంకు ఖాతాలో జమ కనిపించాకే ఆర్డర్ ఖాయం. క్యాష్ ఆన్ డెలివరీ అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, తెలియని నంబరుకు ముందే డబ్బు పంపడానికి భయపడటం సహజం కూడా. వాళ్లను పోగొట్టుకోకుండా చాలామంది అమ్మకందార్లు చేసేది ఇది: 100 రూపాయలు ముందు కట్టించుకుని, మిగతాది చీర చేరాక తీసుకోవడం. పార్సిల్ వద్దని తిప్పి పంపితే రానూ పోనూ కొరియర్ మన నెత్తినే పడుతుంది. ముందు కట్టిన వంద ఆ ఖర్చంతా భరించదు కానీ, ఊరికే ఆర్డర్ పెట్టేవాళ్లను ఆపుతుంది.

అందరూ అదే సాయంత్రం కొనరు. ఆయన్ని అడిగి చెబుతాను, జీతం పడ్డాక చూస్తాను అనేవాళ్లుంటారు. వీళ్ల కోసమే యాప్‌లో లేబుల్స్ ఉన్నాయి. "New customer", "New order", "Pending payment", "Paid", "Order complete" అనేవి ముందే ఉంటాయి. మాట కలిసిన ప్రతి చాట్‌కూ ఒకటి తగిలిస్తే, మర్నాడు "Pending payment" నొక్కగానే ఆగిపోయినవాళ్లు వరసగా కనిపిస్తారు. వాళ్లకు ఒక మెసేజ్ చాలు, అందులో కొత్త విషయం ఉండాలి. "మెరూన్ ఇంకా ఉంది మేడమ్, రేపు పన్నెండింటికి కొరియర్ వెళ్తోంది, పక్కన పెట్టమంటారా?" ఇలాంటిది. నిజంగా ఉంటేనే ఉందని రాయాలి. రెండోసారికి కూడా జవాబు లేకపోతే వదిలేయాలి. రోజూ గుడ్ మార్నింగ్‌లు, కొత్త స్టాక్ ఫోటోలు గుంపుగా పంపితే జనం బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు. అలాంటి నంబర్లను వాట్సాప్ నిలిపివేస్తుంది. నంబరు పోతే పాత కస్టమర్లకు మన జాడ దొరకదు.

ఒక అభిప్రాయం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ధర ప్రకటనలోనే పెట్టండి. ధర దాస్తే ఎక్కువమంది అడుగుతారని, అడిగినవాళ్లను మాటలతో ఒప్పించవచ్చని ఒక నమ్మకం పాతుకుపోయింది. కామెంట్లలో "price pls" అని వందమంది రాయడం, "ఇన్‌బాక్స్ చేశాం" అని వందసార్లు జవాబివ్వడం అక్కడి నుంచే వచ్చింది. ఫ్రీగా వచ్చే కామెంట్లకు అది చెల్లుతుందేమో. డబ్బు కట్టి తెచ్చుకునే చాట్లకు చెల్లదు. 600 చీర కోసం చూసే మనిషిని పిలిచి 1,450 చెప్పడానికి మనమే 24 రూపాయలు కడుతున్నాం, ఆ జవాబు రాసే సమయంలో 1,450 పెట్టగలిగే మనిషిని ఆగమంటున్నాం. ఫోటో మీదే 1,450 అని రాస్తే చాట్లు తగ్గుతాయి. 25 కాస్తా 16 అవుతాయనుకుందాం. చాట్ ఖర్చు 37కి చేరుతుంది, యాడ్స్ మేనేజర్ చూస్తే ప్రకటన పాడైపోయినట్టే ఉంటుంది. కానీ ఆ పదహారుగురూ ధర చూసి వచ్చినవాళ్లు, పదహారుగురికీ రెండు నిమిషాల్లో జవాబివ్వడం ఒక్క మనిషి వల్ల అవుతుంది. ముగ్గురు కొంటే ఆర్డర్‌కు ప్రకటన ఖర్చు 197. ఇంతకుముందు ఒక్క ఆర్డర్‌కు 590 పడింది.

ఏది ఎక్కడ తెగుతోందో తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, నోట్‌బుక్ చాలు. రోజూ రాత్రి నాలుగు అంకెలు రాసుకోవాలి: వచ్చిన చాట్లు, మన మొదటి జవాబు తర్వాత తిరిగి పలికినవాళ్లు, చిరునామా పంపినవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు. వారం గడిచాక చూడాలి, ఒక్క రోజు చూసి ఏదీ తేల్చకూడదు. పలికినవాళ్లు తక్కువైతే, ఐదు నిమిషాల్లో జవాబిచ్చిన చాట్లను, ఆలస్యమైన చాట్లను విడదీసి చూడాలి. త్వరగా ఇచ్చినచోట బాగా పలికి, ఆలస్యమైనచోట పలక్కపోతే తప్పు మన ఆలస్యానిది. రెండుచోట్లా పలక్కపోతే ప్రకటన తప్పు మనుషుల్ని తెస్తోంది, ఫోటో గానీ ధర గానీ ప్రకటన చూపించే ఊళ్లు గానీ మార్చాలి. పలికి, ఫోటోలు చూసి, ఆగిపోతే సరుకులోనో ధరలోనో ఉంది, ఎంత త్వరగా జవాబిచ్చినా అది తీరదు. చిరునామా ఇచ్చి డబ్బు కట్టకపోతే అది నమ్మకం సమస్య. అలాంటప్పుడు పార్సిల్ ట్రాకింగ్ నంబరు ఎప్పుడు పంపుతామో, చీర నచ్చకపోతే ఏం చేస్తామో `/upi` మెసేజ్‌లోనే డబ్బు అడిగే వాక్యం పైన రాసి చూడాలి. తర్వాతి వారం నాలుగో అంకె కదిలిందో లేదో నోట్‌బుక్కే చెబుతుంది.